ఎక్కుడు దారిలో పరుగా, నడకా?

కాలిఫోర్నియాలో టాహో సరస్సుకు చేరువగా ఒలింపిక్ వ్యాలీ అనే లోయ ఉంది. ఏటా జూన్ నెలాఖరులో ఒక శనివారం ఉదయం 5 గంటలకు అక్కడినుంచి వెస్టర్న్ స్టేట్స్ పరుగుపందెం మొదలవుతుంది. దూరం 100 మైళ్ళు, గమ్యం ఆబర్న్ పట్టణం, గడువు 30 గంటలు. బయలుదేరిన మొదటి నాలుగున్నర మైళ్ళలోనే దారి 6,200 అడుగులనుంచి 8,750 అడుగుల ఎత్తున ఉన్న ఎమిగ్రెంట్ పాస్‌ దాకా ఎగబాకుతుంది. తొలిసారి చూడటానికి వెళ్ళినవారికి అక్కడ ఒక దృశ్యం వింతగా తోస్తుంది. ఏళ్ళ తరబడి పరుగును సాధన చేసి, లాటరీలో చోటు దక్కించుకుని వచ్చినవారిలో చాలామంది కొద్ది నిమిషాలు గడిచేసరికే నడుస్తుంటారు. అలసిపోయి కాదు. ఆ నడక ముందే అనుకున్నది.

కొండదారి పరుగులో ఈ నడకను పవర్ హైకింగ్ అంటారు. తెలుగులో జోరునడక అనుకోవచ్చు. ఎక్కడ పరుగు మాని జోరునడకకు మారాలన్నదానికి రన్నర్ల మధ్య రకరకాల సూత్రాలు వినిపిస్తాయి. వాలు 15 శాతం దాటితే నడవాలని కొందరంటారు. దారి చివర కనబడకపోతే నడవాలని మరికొందరంటారు. ఈ సూత్రాలన్నీ సమాధానాన్ని కొండలో వెతుకుతాయి. శరీరధర్మశాస్త్రం చేసిన కొలతలు మాత్రం సమాధానం సగం కొండలో, సగం ఎక్కే మనిషిలో ఉందని చెబుతున్నాయి. ఒకే వాలు ఒకరికి పరుగుదారి, మరొకరికి నడకదారి అవుతుంది. అంతకన్నా ముఖ్యంగా, ఒకే మనిషికి ఉదయం పరుగుదారి అయినది సాయంత్రానికి నడకదారి అవుతుంది.

చదునులో స్ప్రింగు, ఎక్కుడులో మూట

చదునైన నేలమీద నడకా పరుగూ రెండు వేర్వేరు యంత్రాలు. నడిచేటప్పుడు నేలమీద ఆనిన కాలు కర్రలా నిలబడితే, దేహం తలకిందులైన లోలకంలా దానిమీదుగా ఊగి ముందుకు పోతుంది. పరుగులో కాలు స్ప్రింగు అవుతుంది. పాదం నేలను తాకినప్పుడు అకిలిస్ స్నాయువు సాగి, శక్తిని దాచుకుని, మరుక్షణం తిరిగి ఇచ్చేస్తుంది. వేగం పెరిగేకొద్దీ లోలకం పద్ధతి ఖరీదవుతుంది. చదునులో గంటకు సుమారు 7 కిలోమీటర్ల వేగం దగ్గర చాలామంది తమకు తెలియకుండానే నడక వదిలి పరుగందుకుంటారు. ఆ వేగం దాటాక స్ప్రింగే చవక.

ఎక్కుడు మొదలయ్యాక ఈ ఏర్పాటు తలకిందులవుతుంది. స్ప్రింగు పనిచేయాలంటే దేహం పైకి లేచి కిందికి పడాలి. ఆ పడటంలోనే స్నాయువు సాగుతుంది. నిట్టనిలువు దారిలో దేహం పడటం దాదాపు ఉండదు, ప్రతి అడుగులోనూ అది పైకే పోతుంది. దాచుకోవడానికి ఏమీ లేనప్పుడు తిరిగి ఇచ్చేదీ ఉండదు. దేహం తన బరువును తానే మూటలా మోసుకుపోతుంది. ఆ పని మొత్తాన్నీ కండరాలు కుంచించుకుంటూ చేయవలసిందే.

ఇటువంటి పనిలో కండరం తాను ఖర్చుపెట్టిన రసాయన శక్తిలో సుమారు నాలుగోవంతునే చలనంగా మార్చగలదు. మిగిలినది వేడిగా పోతుంది. ఒక కిలో బరువును ఒక మీటరు ఎత్తుకు చేర్చడానికి భౌతికశాస్త్రం లెక్కన 9.8 జౌళ్ళు చాలు. కండరం ద్వారా చేసినప్పుడు ఎంత పొదుపరికైనా 40 జౌళ్ళ దరిదాపుల్లో ఖర్చవుతుంది. నడిచినా, పరుగెత్తినా ఈ అడుగుమట్టపు ఖర్చు తప్పదు. దానిపైన ఎవరు ఎంత దుబారా చేస్తారన్నదే మిగిలిన ప్రశ్న.

కొలతలు చెప్పినది

ఈ ప్రశ్నకు ఆధారమైన పరిశోధనలలో రెండింటిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మొదటిది ఇటలీ శాస్త్రవేత్త ఆల్బెర్టో మినెట్టీ బృందం 2002లో ప్రచురించినది. కొండపరుగులో ఆరితేరిన పదిమందిని వారు ట్రెడ్‌మిల్‌మీద రకరకాల వాలుల్లో నడిపించి, పరుగెత్తించి, ఊపిరిలోని ఆక్సిజన్ ఖర్చును కొలిచారు. చదునులో ఒక కిలో బరువును ఒక మీటరు దూరం తీసుకుపోవడానికి పరుగుకు 3.4 జౌళ్ళు, నడకకు 1.6 జౌళ్ళు పట్టాయి. 45 శాతం వాలులో ఆ అంకెలు దాదాపు 19, 17 అయ్యాయి. చదునులో రెట్టింపు ఉన్న తేడా నిటారుదారిలో పదోవంతుకు తగ్గిపోయింది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. నడకకు చెప్పిన అంకె అతి పొదుపైన నిదాన వేగంలోనిది. నడక వేగం పెంచితే ఖర్చు పెరుగుతుంది. పరుగులో మీటరుకయ్యే ఖర్చు మాత్రం వేగాన్నిబట్టి పెద్దగా మారదు.

ఆ మెలికను విప్పినది 2016లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో నికోలా జొవనెల్లీ, రాజర్ క్రామ్ తదితరులు చేసిన ప్రయోగం. పదిహేనుమంది రన్నర్లను 9.4 డిగ్రీలనుంచి 39.2 డిగ్రీలదాకా ఏడు కోణాల్లో ఎక్కించారు. ఏ కోణంలోనైనా పైకి లేచే వేగం మాత్రం ఒక్కటే: సెకనుకు 0.35 మీటర్లు. 9.4 డిగ్రీల దగ్గర తప్ప మిగిలిన ఆరు కోణాల్లోనూ నడకే చవకైంది, సగటున ఎనిమిదిన్నర శాతం. ఒక మీటరు ఎత్తుకు కిలోకు నడకలో 44 జౌళ్ళు, పరుగులో 48 జౌళ్ళు పట్టాయి.

ఆ ప్రయోగంలో మరొక విషయం బయటపడింది. అంత నిటారుదారిలో పరుగెత్తుతున్నవారి పాదాలు రెండూ ఒకేసారి గాలిలోకి లేవనేలేదు. చూపులకు పరుగైనా, అది నిజానికి పొట్టి అడుగులు వడివడిగా వేయడమే. నడకలో అడుగు పొడవు, అడుగుల సంఖ్య తక్కువ. వడివడి అడుగుల్లో కండరం తక్కువ వ్యవధిలో బలం పుట్టించాలి, కాలిని ఎక్కువసార్లు ముందుకు విసరాలి. స్ప్రింగు లాభం పోయి, ఆ తొందరపాటు ఖర్చు మాత్రం మిగిలింది.

మరి 9.4 డిగ్రీల దగ్గర నడక ఎందుకు గెలవలేదు? ఆ వాలులో సెకనుకు 0.35 మీటర్లు పైకి లేవాలంటే దారివెంట గంటకు సుమారు 7.7 కిలోమీటర్ల వేగం కావాలి. అంత వేగంతో నడవడం ఎవరికైనా ప్రయాసే. తరువాతి కోణమైన 15.8 డిగ్రీల్లో అదే ఎత్తు లాభానికి గంటకు 4.6 కిలోమీటర్లు చాలు. అది హాయిగా నడవగలిగే వేగం. అంటే నడకను గెలిపించినది నేరుగా వాలు కాదు. వాలు పరుగు వేగాన్ని నడక వేగానికి దించేసింది, ఆపైన నడక గెలిచింది. ఈ వ్యాసం చెప్పదలచిన విషయమంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది.

ఒకే కొండ, రెండు సమాధానాలు

ఒక ఉదాహరణను లెక్కకట్టి చూడవచ్చు. యాభైకి చేరువలో ఉన్న ఒక ఉద్యోగి వారానికి నాలుగైదు రోజులు పరుగెత్తుతాడనుకుందాం. విశ్రాంతిలో అయ్యే ఖర్చుకు పైన, నిమిషానికి కిలో బరువుకు 30 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను అతడు ఒకటి రెండు గంటలపాటు నిలకడగా వాడుకోగలడు. ఒక మిల్లీలీటరు ఆక్సిజన్ సుమారు 21 జౌళ్ళ శక్తినిస్తుంది కాబట్టి, సెకనుకు కిలోకు పదిన్నర జౌళ్ళు అతడి చేతిలో ఉన్న ఆదాయం. వాలులో మీటరుకయ్యే ఖర్చును మినెట్టీ సమీకరణం ఇస్తుంది. ఆదాయాన్ని ఖర్చుతో భాగిస్తే వేగం వస్తుంది.

5 శాతం వాలులో, అంటే వంద మీటర్లకు ఐదు మీటర్లు లేచే దారిలో, పరుగు ఖర్చు మీటరుకు 4.7 జౌళ్ళు. వేగం గంటకు 8 కిలోమీటర్లు. ఆ వేగంతో నడవలేడు కాబట్టి అక్కడ సందేహం లేదు, పరుగే. 20 శాతం వాలులో ఖర్చు 9 జౌళ్ళు, పరుగు వేగం గంటకు 4.2 కిలోమీటర్లు. ఇక్కడా సందేహం లేదు. అదే ఊపిరితో నడిస్తే, ఎనిమిదిన్నర శాతం పొదుపు లెక్కన, గంటకు 4.6 కిలోమీటర్లు పోగలడు. ఎత్తు లెక్కలో చెప్పాలంటే గంటకు 820 మీటర్లకు బదులు 900 మీటర్లు ఎక్కుతాడు. నడిచినవాడే ముందు పైకి చేరతాడు.

చిక్కంతా 10 శాతం దగ్గర. అక్కడ పరుగు వేగం గంటకు 6.3 కిలోమీటర్లు. అంత వేగంగా నడవడం సాధ్యమే కానీ ఆ వేగంలో నడక కూడా దాదాపు పరుగంత ఖరీదు. కాలంలో పెద్ద తేడా ఉండదు. ఎమిగ్రెంట్ పాస్ ఎక్కుడు సగటు వాలు 11 శాతానికి కాస్త తక్కువ. సరిగ్గా ఈ సందిగ్ధ ప్రాంతంలోనే ఉంది. కానీ సగటు అనేది కాగితంమీది మాట. కాలికింద ఉండేది ఒకచోట 5 శాతం, మరొకచోట 20 శాతం. అందుకే అక్కడ అనుభవజ్ఞులు ఎక్కుడు మొత్తానికి ఒక నిర్ణయం తీసుకోరు. మెత్తబడినచోట పరుగెత్తుతారు, నిక్కినచోట నడుస్తారు.

ఇప్పుడు అదే కొండకు మొదటి వరుసలో పోయే ఒక మేటి రన్నరును తెద్దాం. ఆమె ఆక్సిజన్ వాడకం దీనికి రెట్టింపు అనుకుంటే, 10 శాతం వాలులో ఆమె గంటకు 12 కిలోమీటర్లకు పైగా పరుగెత్తుతుంది. 20 శాతంలో కూడా వేగం 8 కిలోమీటర్లు దాటుతుంది. అక్కడ ఆమె నడిస్తే నష్టపోతుంది. 30 శాతం దగ్గర ఆమె వేగం 6 కిలోమీటర్లకు దిగుతుంది. మన ఉద్యోగికి 10 శాతం దగ్గర ఎదురైన సందిగ్ధం ఆమెకు అక్కడ ఎదురవుతుంది. ముందు పోయేవారు పరుగెత్తుతున్నారు కదా అని వెనక ఉన్నవారు పరుగెత్తడంలో ఉన్న పొరపాటు ఇదే. వారి గీత వేరు, వీరి గీత వేరు.

సాయంత్రానికి జరిగే గీత

ఉదయం సెకనుకు పదిన్నర జౌళ్ళ ఆదాయం ఉన్న ఆ ఉద్యోగికి ఇరవయ్యో గంటలో అది ఏడుకు పడిపోవచ్చు. చదునులో అప్పటికీ గంటకు 7 కిలోమీటర్ల చిన్న పరుగు సాగుతుంది. కానీ 5 శాతం వాలులో పరుగు వేగం 5.4 కిలోమీటర్లకు దిగిపోతుంది. ఉదయం నిస్సందేహంగా పరుగెత్తిన వాలు ఇప్పుడు నిస్సందేహంగా నడకదారి. దీన్ని ఓటమిగా భావించి అక్కడా పరుగుకు పట్టుబట్టేవారు గంటగంటకూ ఉన్న కొద్దిపాటి ఆదాయాన్నీ తగలేసుకుంటారు. ఎత్తు కూడా ఇదే పని చేస్తుంది. 8,750 అడుగుల దగ్గర గాలి పలచన. సముద్రమట్టంలో బతికేవారికి ఆక్సిజన్ వాడే గరిష్ఠ శక్తి అక్కడ పది శాతం దరిదాపుల్లో తగ్గుతుంది. గీత మరికాస్త కిందికి జరుగుతుంది.

ఉదయం చేసిన తప్పు సాయంత్రం బయటపడటానికి కారణం ఇంధనం. దేహంలో కొవ్వు నిల్వ దాదాపు తరగనిది. కండరాల్లో, కాలేయంలో దాచిన పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్, మాత్రం రెండు వేల కేలరీల లెక్కలోనే ఉంటుంది. శ్రమ తీవ్రమయ్యేకొద్దీ దేహం కొవ్వును వదిలి గ్లైకోజెన్‌ను ఎక్కువగా కాలుస్తుంది. పైగా కండరాలకు రక్తం మళ్ళి జీర్ణాశయానికి తగ్గడంతో, తిన్నది ఒంటికి పట్టక వికారం మొదలవుతుంది. మొదటి ఎక్కుడును పరుగుతో తొందరగా ముగించి పది నిమిషాలు సంపాదించినవారు, చివరి 60 మైళ్ళలో మైలుకు ఒక్క నిమిషం మందగించినా గంట పోగొట్టుకుంటారు. 30 గంటల గడువుకు అంచున పరుగెత్తేవారికి ఆ గంటే పతకానికీ పరాజయానికీ మధ్య ఉన్న దూరం.

మరి గీత దాటుతున్నామని దారిలో తెలిసేదెలా? గుండె వేగం చూసి నిర్ణయించడం సాధారణంగా చేసే పని, కానీ దానిలో రెండు లోపాలున్నాయి. ఎక్కుడు మొదలయ్యాక గుండె వేగం కొత్త శ్రమకు తగినట్టు స్థిరపడటానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అది పెరిగినట్టు గడియారం చూపేసరికి అప్పు చేయడం అయిపోయి ఉంటుంది. రెండవది, ఎండలో, నీరు తగ్గిన దేహంలో, గంటలు గడిచేకొద్దీ అదే శ్రమకు గుండె వేగం తనంతట తానే పెరుగుతుంది. ఊపిరి అంతకన్నా త్వరగా నిజం చెబుతుంది. పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే ఆదాయంలోపే ఉన్నట్టు. రెండు మూడు మాటలకు ఒకసారి గాలి పీల్చవలసివస్తే మించిపోయినట్టు. దీనికి తోడు కళ్ళకు కనిపించే గుర్తు ఒకటుంది. పక్కన నడుస్తున్న మనిషి పరుగెత్తుతున్న మనిషితో సమానంగా వస్తుంటే, పరుగెత్తుతున్నవారు గీత దాటి చాలాసేపైనట్టే.

నడకకు మారిన రెండు మూడు నిమిషాల్లో ఆయాసం నెమ్మదించాలి. నెమ్మదించకపోయినా, ఛాతీలో బిగువుగా ఉన్నా, కళ్ళు తిరిగినా అది గీతకు సంబంధించిన విషయం కాదు. అక్కడ ఆగి వైద్యసహాయం కోరాలి.

నడక అంటే విశ్రాంతి కాదు

జోరునడకలో ఎక్కువమంది చేసే తప్పు, నడక మొదలవగానే మనసుకూడా విశ్రాంతిలోకి జారిపోవడం. 20 శాతం వాలులో గంటకు 4.6 కిలోమీటర్లు నడవగలవారు ఆదమరచి 3 కిలోమీటర్లకు దిగితే, ఒక్క కిలోమీటరులో 13 నిమిషాలు కావలసింది 20 నిమిషాలవుతుంది. అప్పుడు పరుగే మేలనిపించడం సహజం. ఎక్కుడులో మైలుకు ఎన్ని నిమిషాలన్న లెక్క అర్థం లేనిది కాబట్టి, చాలామంది గడియారంలో గంటకు ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కుతున్నారో చూసుకుంటారు. వాలు మారినా ఆ అంకె పెద్దగా ఊగిసలాడదు. అది పడిపోతుంటే నడక షికారుగా మారిందని అర్థం.

నడిచే తీరులో గమనించవలసినవి రెండు. నడుము దగ్గర వంగితే ఊపిరితిత్తులు నొక్కుకుంటాయి, పిరుదుల కండరాలకు పట్టు తప్పుతుంది. మడమల దగ్గరనుంచి దేహమంతా ఒక్కటిగా ముందుకు వాలాలి. వీలైనచోట మడమతో సహా పాదమంతా ఆనించాలి. పరుగులో మునివేళ్ళమీద ఎక్కేటప్పుడు పిక్కలమీద పడే భారాన్ని ఈ విధంగా తొడలు, పిరుదుల పెద్ద కండరాలు పంచుకుంటాయి. దారి బాగా నిక్కినప్పుడు అరచేతిని మోకాలికి కాస్త పైన తొడమీద ఆనించి, కాలు నిటారవుతుండగా చేత్తో కిందికి తొయ్యాలి. తిరుమల కాలిదారిలో మోకాళ్ళ పర్వతం మెట్లు ఎక్కినవారికి ఈ భంగిమను ఎవరూ నేర్పనక్కరలేదు, అక్కడ చేతులు వాటంతట అవే మోకాళ్ళమీదికి పోతాయి. అనుమతించే పందేల్లో చేతికర్రలు కూడా కాళ్ళ భారాన్ని కొంత భుజాలకు మళ్ళిస్తాయి.

ఎక్కుడు ముగిసే చోటు మరొక పరీక్ష. దారి 20 శాతంనుంచి 5 శాతానికి మెత్తబడినా, నడకకు అలవాటుపడిన కాళ్ళు ఇంకో రెండు మూడు వందల మీటర్లు నడుస్తూనే ఉంటాయి. పరుగునుంచి నడకకు మారడంలో ఆలస్యం ఎంత నష్టమో, నడకనుంచి పరుగుకు మారడంలో ఆలస్యమూ అంతే నష్టం.

ఎవరి గీత వారు కొలుచుకోవడం

పైన చెప్పిన లెక్కలు మేటి రన్నర్లను నున్నటి ట్రెడ్‌మిల్‌మీద కొలిచి కట్టినవి. రాళ్ళు, ఇసుక, భుజాన నీళ్ళసంచి ఉన్న సామాన్యుడి ఖర్చు మరికాస్త ఎక్కువే. కాబట్టి ఎవరి గీతను వారే కొలుచుకోవడం మంచిది. హ్యూస్టన్, దుబాయి వంటి చదును ఊళ్ళలో ఉండేవారికి కొండ అందుబాటులో లేకపోయినా, వ్యాయామశాలల్లోని ట్రెడ్‌మిళ్ళు చాలావరకు 15 శాతం వాలుదాకా లేస్తాయి. ఆ పరీక్షకు అది చాలు.

యంత్రాన్ని 15 శాతానికి లేపి, గంటకు 5 కిలోమీటర్ల వేగంలో పెట్టి, పట్టీలు పట్టుకోకుండా ఐదు నిమిషాలు నడవాలి. చివరి నిమిషపు గుండె వేగాన్ని రాసుకోవాలి. గుండె శాంతించేదాకా విశ్రాంతి తీసుకుని, అదే వాలులో, అదే వేగంలో ఐదు నిమిషాలు చిన్న పరుగు తీసి మళ్ళీ రాసుకోవాలి. చాలామందికి ఈ వేగంలో నడక అంకె తక్కువగా ఉంటుంది. తరువాత వేగాన్ని అరకిలోమీటరు చొప్పున పెంచుతూ పోతే, ఒకచోట రెండు అంకెలూ సమానమవుతాయి. అదే ఆ మనిషి గీత. ఒకే రోజు అన్నీ చేస్తే అలసట అంకెల్ని చెడగొడుతుంది కాబట్టి రెండు మూడు రోజులకు పంచుకోవాలి. ఏదో ఒకరోజు పరుగుతో మొదలుపెట్టి నడకతో ముగిస్తే, వరుస వల్ల వచ్చే పక్షపాతమూ తెలుస్తుంది. నిలకడగా నడక సాధన చేసినవారికి కొన్ని నెలల్లో ఈ గీత పైకి జరుగుతుంది. కొండపందేలకు తయారయ్యేవారు నడకను కూడా సాధనలో చేర్చుకోవడానికి కారణం ఇదే.

ఆ వేగాన్ని గుర్తుంచుకున్నవారికి దారిలో వాలు శాతం తెలియనక్కరలేదు. ఊపిరి హద్దులో ఉంచుకుని పరుగెత్తుతుంటే వేగం ఆ అంకెకు దిగిందా లేదా అన్నదొక్కటే ప్రశ్న. దిగితే నడక, మళ్ళీ పెరిగే వీలు కనబడగానే పరుగు. ఒలింపిక్ వ్యాలీలో తెల్లవారుజామున నడుస్తూ కనిపించేవారు చేస్తున్నది ఆ లెక్కే. వాళ్ళలో చాలామంది మరుసటిరోజు ఉదయం 11 గంటలలోపు ఆబర్న్ పాఠశాల మైదానంలోకి అడుగుపెడతారు. మైదానం చుట్టూ ఉన్న చదును ట్రాకుమీద, మిగిలిన ఆ చివరి కొన్ని వందల మీటర్లూ, పరుగెత్తుతూనే.